మూడు రెట్లు, రెండు రెట్లు

“నేను రాసిన లెక్కే తప్పయితే?”

ఆ మాట పైకి అన్నానని నాకు తెలియలేదు. పక్క కుర్చీలో కాగితాలు సర్దుకుంటున్నావిడ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

“తప్పయితే సరిదిద్దుతాం. లేకపోతే నేనిక్కడ కూర్చున్నది చల్లగాలి పీల్చడానికా?”

సభాపతి వేదిక కింద అర్ధచంద్రాకారంలో ఒక బల్ల ఉంటుంది. దాని ఎడమ కొస ఆవిడది. ఓట్లు లెక్కపెట్టే గుమాస్తా. ఉద్యోగంలో చేరి ముప్పై ఒక్క ఏళ్లు. ఎదురుగా అందరూ అక్కగారూ అంటారు, వెనక గడియమ్మ అంటారు. ఓటింగు ముందు గంట మోగి ఆగగానే సభ తలుపులకు గడియ వేయించడం ఆవిడ పని. గడియ పడ్డాక ఎవరు వచ్చినా బయటే. ఒకసారి ఒక మంత్రిగారు కూడా కారిడార్లో నిలబడిపోయారట. ఆయన తలుపు కొడుతుంటే ఈవిడ లోపలినుంచి, “కొట్టండి, పాత తలుపే, దుమ్మన్నా రాలుతుంది” అందట. నిజమో కాదో నాకు తెలియదు. అడిగితే నవ్వింది తప్ప కాదనలేదు.

నేను భౌతికశాస్త్రం చదివి, ఆ తర్వాత ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవాణ్ణి. సభలో కొత్తగా పెట్టిన ఓట్ల బోర్డు వెనక ఉన్న లెక్కంతా నేను రాసిందే. సభ్యులు తమ బల్ల మీద బటన్ నొక్కితే గోడమీద అంకెలు వస్తాయి. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం. కింద ఫలితం: ఆకుపచ్చలో ఆమోదం, ఎరుపులో తిరస్కారం. ఈ బోర్డు కుదురుకుంటే ఓట్ల గుమాస్తా పోస్టు తీసేస్తారని ఆఫీసంతా తెలుసు. ఆవిడకీ తెలుసు. అందుకే బోర్డును పరీక్షించిన మూడు వారాలూ ఆవిడ ముఖం చూడలేక, ఆవిడ భోజనానికి వెళ్లే వేళ చూసుకుని బల్ల దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఆవిడ అది కనిపెట్టింది కూడా.

“సైన్సు బాబూ, నేను కరవను. బోర్డు నా ఉద్యోగం తింటే తింటుంది, నువ్వెందుకు అన్నం మానేస్తావు?”

నేను అలా పైకి అనేసిన రోజు ఓటింగుకు వచ్చింది రాజ్యాంగ సవరణ బిల్లు. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ సంరక్షణ, చదువు ప్రాథమిక హక్కు అని చేర్చే సవరణ. అంటే పనిచేసే తల్లిదండ్రుల బిడ్డలకు ప్రభుత్వమే శిశు కేంద్రాలు నడపాలి. నాకు పది నెలల కూతురు. నా భార్య ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. ఆమె సెలవు నెలాఖరుకి అయిపోతోంది. మా వీధిలో పిల్లలను చూసుకునే చోటు ఒక్కటే ఉంది, అక్కడ పన్నెండు మంది పిల్లలకు ఒక్క మనిషి. నేను వెళ్లి చూసొచ్చాను. కిటికీకి ఊచలున్నాయా, నీళ్ల బకెట్ ఎక్కడ పెడతారు, అన్నీ చూసి, రాత్రంతా నిద్రపోలేదు. కాబట్టి ఈ బిల్లు నాకు బిల్లు కాదు. మా ఇంటి తలుపు దగ్గర నిలబడి గంట కొడుతున్న మనిషి.

పొద్దున్న, బిల్లును చర్చకు తీసుకోవాలా అన్న పరిశీలన తీర్మానం మీద ఓటింగు బాగానే సాగింది. అనుకూలం రెండువందల డెబ్భై, వ్యతిరేకం నూట పన్నెండు. బోర్డు ఆకుపచ్చ చూపించింది. ఆవిడ తన కాగితం మీద కూడా ఏదో వేసుకుని తల ఊపింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత క్లాజుల మీద ఓటింగు జరిగింది. సాయంత్రానికి అసలు ఓటు, బిల్లును ఆమోదించాలా అన్నది మిగిలింది. ఆ మధ్యలో తీరిక దొరికితే, చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను.

“అక్కగారూ, శిశు కేంద్రాలకు ఇంత హంగామా ఎందుకు? మామూలు చట్టం చేస్తే సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు కదా?”

“చాలు. చేసెయ్యొచ్చు. రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి అదే ఒక్క ఓటుతో తీసెయ్యనూ వచ్చు. అప్పుడు నువ్వెక్కడికి పోతావు?”

“మరి హక్కయితే?”

“హక్కయితే ప్రభుత్వం నీ పిల్లకి చోటివ్వకపోతే నువ్వు తిన్నగా కోర్టుకెళ్లి ఎందుకివ్వలేదో అడుగు అనొచ్చు. ఆ హక్కుకి అడ్డం వచ్చే చట్టాన్ని కోర్టు కొట్టెయ్యొచ్చు. దయ తలిచి ఇచ్చింది వేరు, అడిగి తీసుకునేది వేరు.”

“అయితే ఇంత మంచిదాన్ని లోపలికి తీసుకురావడానికి ఇంత కష్టం పెట్టడం ఏమిటి?”

ఆవిడ పెన్ను మూత పెట్టి నా వైపు తిరిగింది.

“తలుపు ఒకటే, నాయనా. లోపలికి రావడానికీ బయటికి గెంటడానికీ. పన్నెండేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర ఇంకో సవరణ వచ్చింది. అరెస్టు చేసిన మనిషిని ఒక రోజులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న హక్కుంది కదా, దాన్ని వారం రోజులు చేద్దామన్నారు. సగం కంటే ఎక్కువమంది సరేనన్నారు. మూడింట రెండు వంతులకి ముగ్గురు తక్కువయ్యారు. ఆ ముగ్గురి వల్ల ఆ హక్కు ఇంకా అలాగే ఉంది. ఆ రోజు తలుపు బరువుగా ఉందని సంతోషించినవాళ్లు ఈ రోజు బరువుగా ఉందని ఏడిస్తే ఎలా?”

నాకు నియమం నోటికి వచ్చు, ఎందుకంటే దాన్నే ప్రోగ్రాముగా రాశాను. సవరణ రెండు గట్లు దాటాలి. మొదటిది, సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఉండాలి. మా సభలో నాలుగువందల నలభై మంది, అంటే కనీసం రెండువందల ఇరవై ఒకటి. రెండోది, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా రావాలి. రెండో సభలోనూ ఇదే లెక్క, ఆ తర్వాతే దేశాధినేత సంతకం. తటస్థం అన్నవాళ్లు హాజరైనవారే కానీ ఓటు వేసినవారు కారు. ఇది మొదట్లో నాకు బోధపడలేదు. ఆవిడే బోధపరిచింది.

“మా ఆయన్ని చూడు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో రోజూ హాజరు. ఏ విషయంలోనూ ఓటు వెయ్యడు. కూరేం వండాలన్నా తటస్థమే. ఆయన్ని లెక్కలో కలుపుకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు.”

గంట మోగింది. తలుపుల దగ్గర మనుషులు గబగబా లోపలికి వచ్చారు. గంట ఆగింది. ఆవిడ చెయ్యి పైకెత్తింది, ఆరు తలుపులకూ గడియలు పడ్డాయి. సభాపతి తీర్మానం చదివారు. బటన్లు నొక్కే టిక్కుటిక్కుమనే చప్పుడు చినుకుల్లా మొదలై ఆగిపోయింది.

బోర్డు మీద అంకెలు వచ్చాయి. అనుకూలం 241. వ్యతిరేకం 121. తటస్థం 9. కింద, కావలసింది 241. ఆమోదం. ఆకుపచ్చ.

ఒక వైపు బల్లలు చరచడం మొదలైంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఒక్కటి తక్కువైనా పోయేదే అనుకున్నాను. సరిగ్గా గీత మీద నిలబడింది. మా ఆవిడకి ఏ మాటలతో చెప్పాలో కూడా అనుకునేశాను.

గడియమ్మ చప్పట్లు కొట్టలేదు. బోర్డు మీది ఫలితం సభాపతి నోట వచ్చేదాకా ఫలితం కాదు. అప్పటిదాకా అది దిద్దుబాట్లకు లోబడిన అంకె. ఎవరి బటన్ అయినా పనిచెయ్యలేదంటే చీటీ రాసి పంపుతారు, ఆ చీటీలు కలిపాక సభాపతి చదువుతారు. ఆ రోజు చీటీలేవీ రాలేదు. ఆవిడ చేతిలో చిన్న కాగితం ముక్క ఉంది. దాని మీద రెండు వరుసలు.

241 × 3 = 723
362 × 2 = 724

దాన్ని సభాపతి వైపు కాకుండా నా వైపు జరిపింది.

“చూడు.”

చూశాను. మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత మనసులోనే మళ్లీ హెచ్చించాను. ఓటు వేసినవాళ్లు మూడువందల అరవై రెండు. అందులో మూడింట రెండు వంతులు 241.33. నేను చదువుకున్న చదువులో 241.33 ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 241. ప్రయోగశాలలో ఎన్ని వేలసార్లు అలా చేశానో. ప్రోగ్రాములోనూ చెయ్యి దానంతట అదే అలాగే రాసింది. బోర్డును పరీక్షించినప్పుడు నేను పెట్టిన సంఖ్యలు మూడువందలు, మూడువందల అరవై, నాలుగువందల ఇరవై. అన్నీ మూడుతో నిశ్శేషంగా తెగేవే. గుండ్రంగా, చూడముచ్చటగా ఉన్నాయని అవే పెట్టుకున్నాను.

“తగ్గకుండా అన్నది నియమం,” అంది ఆవిడ, చాలా నెమ్మదిగా. “ఆ పాయింటు మూడు మూడుకి మనిషిలో మూడో వంతు ఉండడు. ఉంటే ఒక మనిషి మొత్తం ఉండాలి. రెండువందల నలభై రెండు కావాలి.”

“మీరు ఎప్పుడూ ఇలాగే చేస్తారా?”

“నేను భాగించను. భాగిస్తే ముక్కలు మిగులుతాయి. అనుకూలాన్ని మూడుతో, మొత్తాన్ని రెండుతో హెచ్చిస్తాను. పైది కిందదానికి తగ్గకూడదు. అంతే. ఒకటి తగ్గింది.”

బల్ల వెనక అధికారుల గ్యాలరీ ఉంది. దానికీ సభకీ మధ్య నడుమెత్తు కటకటాలు. అక్కడ కూర్చున్న మంత్రిత్వ శాఖ ఉప కార్యదర్శి, ఈ బిల్లును రెండేళ్లుగా మోసిన మనిషి, మేం గుసగుసలాడటం చూసి కటకటాల మీదికి వంగాడు.

“ఏమైనా ఇబ్బందా?”

“లెక్క చూస్తున్నామండీ,” అంది ఆవిడ.

ఆయన కాగితం వైపు మెడ సాచాడు. లెక్కల్లో చురుకైనవాడే, రెండు క్షణాల్లో పట్టేశాడు. గొంతు తగ్గించాడు.

“అమ్మా, మూడో వంతు ఓటుకోసమా? బోర్డు ఆమోదం అంది. సభాపతిగారు చదివేస్తే అయిపోతుంది. సభ లోపలి వ్యవహారంలో కోర్టు కూడా వేలు పెట్టదు. మీకు తెలియనిదా?”

“సభ నడిపిన తీరులో చిన్నాచితకా లోపాలుంటే కోర్టు అడగదండీ. కానీ రాజ్యాంగం కావాలన్న ఓట్లు రాకుండానే వచ్చాయని ప్రకటిస్తే అది తీరు కాదు, అసలు సవరణే జరగలేదన్నమాట. అది మాత్రం తప్పకుండా అడుగుతుంది. అప్పటికి ఊరూరా శిశు కేంద్రాలు తెరిచి ఉంటారు. అన్నీ ఒక్క తీర్పుతో కూలిపోతాయి.”

“పిల్లల కోసం చేసిన పనమ్మా ఇది.”

“మా అమ్మాయి శిశు కేంద్రంలోనే పనిచేస్తుందండీ. నాకు మీరు చెప్పాలా?” అని ఆవిడ చేత్తో కటకటాలను చూపించింది. “బిల్లు తయారు చేశారు, నెగ్గితే అమలు చేస్తారు. అది మీ పని. లెక్క సభది. ఆ లెక్క రాజ్యాంగానికి సరిపోయిందా లేదా అన్నది చివరికి కోర్టుది. ముగ్గురం ఒకే కుర్చీలో కూర్చుంటే కుర్చీ విరుగుతుంది. మీ కుర్చీ అక్కడుంది, కూర్చోండి.”

ఆయన కూర్చోలేదు గానీ, వెనక్కి జరిగాడు.

ఆవిడ కాగితం ఇంకా నా ముందే ఉంది. కింద ఒక గీత గీసి పెన్ను నా చేతికిచ్చింది.

“బోర్డు నీది. అది తప్పు చెప్పిందని నువ్వు రాయి. నేను రాస్తే పాత గుమాస్తా కొత్త బోర్డు మీద అక్కసు తీర్చుకుందంటారు. పైగా నిజం కూడా నీ నోటినుంచి రావడమే న్యాయం.”

“రాయకపోతే?”

“నేనే ఇస్తాను. కాకపోతే కొంచెం ఆలస్యమవుతుంది, కొంచెం గొడవవుతుంది.”

సభాపతి మా వైపు చూస్తున్నారు. బల్లలు చరిచే చప్పుడు తగ్గుతోంది. నాకు ఆ పన్నెండు మంది పిల్లల గది కళ్లముందుకొచ్చింది. నా భార్య సెలవు గుర్తొచ్చింది. ఒక్క మనిషి. ఆ తటస్థం అన్న తొమ్మిది మందిలో ఒక్కరు సరేనని ఉంటే, 363 లో 242, నిశ్శేషంగా సరిపోయేది. కానీ అనలేదు. వాళ్లు అననిదాన్ని ప్రోగ్రాములో నేను రాసిన ఒక చిన్న వాక్యం వాళ్ల తరఫున అనేసింది. నేను ఎవరికి ప్రతినిధిని? నన్నెవరు ఎన్నుకున్నారు?

రాశాను. “కావలసిన సంఖ్య 242. బోర్డు 241 అని చూపడం ప్రోగ్రాములో నేను చేసిన తప్పు.” సంతకం పెట్టాను.

సభాపతి కాగితం చదివి, ఇంకోసారి చదివి, లేచి నిలబడ్డారు. “అనుకూలం రెండువందల నలభై ఒకటి. వ్యతిరేకం నూట ఇరవై ఒకటి. తటస్థం తొమ్మిది. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి మద్దతు ఉంది. హాజరై ఓటు వేసిన సభ్యుల్లో మూడింట రెండు వంతులు రాలేదు. తీర్మానం వీగిపోయింది. బోర్డు చూపిన ఫలితం సరికాదు.”

ఆ తర్వాత సభలో రేగిన గోల నేను చెప్పలేను. సగం మందికి అది కుట్ర, మిగతా సగానికి అది గెలుపు. బోర్డు మీద మాత్రం ఆకుపచ్చ అలాగే వెలుగుతోంది, దాన్ని ఆపేవాణ్ణి నేనే, లేచే ఓపిక నాకు లేదు.

క్యాంటీన్లో ఆవిడ నా ముందు టీ పెట్టింది. నేను ముట్టుకోలేదు.

“ఉద్యోగం పోతుందా అక్కగారూ?”

“పోవచ్చు. నువ్వే ముందు చెప్పావు గనక పోకపోవచ్చు. టీ తాగు, చల్లారితే దానికి కూడా నన్నే అంటావు.”

తన టీ సగం తాగాక ఆవిడే మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు బటన్లు లేవు. సభ్యులు రెండు లాబీల్లోకి విడిపోయి నడిచేవారు, గుమాస్తాలు గడప దగ్గర నిలబడి లెక్కపెట్టేవారు. ఉద్యోగం చేసే తల్లులకు కాన్పు సెలవు పెంచే మామూలు బిల్లు. ఆవిడ అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. లెక్క నూట పద్దెనిమిది, నూట పదిహేడు. బిల్లు నెగ్గింది. సంబరంగా సంతకం పెట్టింది.

“మర్నాడు పేర్లు సరిచూస్తే ఒకాయన నా లెక్కలో రెండుసార్లు పడ్డాడు. మరిచిపోయిన కళ్లజోడు కోసం వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాడు. అసలు లెక్క సమానం. ఓట్లు సమానమైతే సభాపతి ఓటు వెయ్యాలి, ఆయన ఉన్న సెలవే ఉండనీ అన్న వైపు వేశారు. బిల్లు పోయింది. నా చేత్తోనే క్షమాపణ రాయించారు. ఇంటికెళ్లి ఏడ్చాను. బిల్లు పోయినందుకు కాదు. ఎప్పుడూ రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని ఆ రోజు ఒక్కసారితో ఎందుకు ఆపానో నాకు తెలిసిపోయినందుకు.”

“ఎందుకు ఆపారు?”

“నాకు కావలసిన అంకె వచ్చేసింది గనక.”

ఇంటికెళ్లి నా భార్యకు చెప్పాను. ఆమె పాపను భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిప్పుతోంది. విని, తిప్పడం ఆపింది.

“ఒక్కటా?”

“ఒక్కటి.”

“రక్తంలో చక్కెర కొంచెం తక్కువొచ్చిందని నేను సరిచేసి రాస్తే ఊరుకుంటావా?” అంది. తర్వాత, “ఆ పన్నెండు మంది గదికి మాత్రం నేను పంపను” అంది. నేను ఉదయం షిఫ్టు, ఆమె సాయంత్రం షిఫ్టు అడిగాం. ఇద్దరం ఒకరికొకరం గుమ్మంలోనే కనిపిస్తున్నాం ఇప్పుడు, పాపను చేతులు మార్చుకునేటప్పుడు.

నా ఉద్యోగం పోలేదు. రాతపూర్వకంగా మందలించారు. బిల్లును మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. తర్వాతి సమావేశాల్లో తెచ్చారు, మా సభ దాటింది, ఇంకా రెండో సభలో ఉంది. అక్కడ ఏమవుతుందో తెలియదు. గడియమ్మ పోస్టును ఆవిడ రిటైరయ్యేదాకా ఉంచుతామన్నారు. “నాకోసం కాదు, బోర్డుకి తోడు,” అంటుంది ఆవిడ.

ప్రోగ్రాములో ఇప్పుడు భాగాహారం లేదు. మూడు రెట్లు, రెండు రెట్లు. పరీక్షించడానికి గుండ్రని సంఖ్యలు పెట్టను. కానీ ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది అది కాదు. ఆ రోజు క్యాంటీన్లో, నా టీ చల్లారిపోయాక, ఇంకోటి తెప్పించి నా ముందుకి తోస్తూ ఆవిడ ఒక మాట చెప్పింది. భయస్తుణ్ణి గనక చెడ్డ వార్తను పదిసార్లు సరిచూసే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. పాప ఒళ్లు వెచ్చగా ఉంటే థర్మామీటరు నాలుగుసార్లు పెడతాను. మామూలుగా ఉంటే ఒక్కసారి చూసి, హమ్మయ్య అని లోపల పెట్టేస్తాను. ఆఫీసులోనూ అంతే చేసేవాణ్ణి. ఇప్పుడు అలా చెయ్యడం లేదు. మంచి అంకె కనిపించగానే, మనసు తేలికవగానే, ఆగి మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతున్నాను. ఎందుకంటే ఆవిడ అన్నది ఇది:

“నీకు ఇష్టంలేని లెక్కను ఎలాగూ నువ్వు వదలవు. నీకు నచ్చిన లెక్క వచ్చినప్పుడే ఇంకోసారి చూడు, నాయనా.”